సాయంత్రం కాల్‌లో ‘గుడ్ మార్నింగ్’ అనాలా?

“హైదరాబాద్ నుంచి రాత్రి ఏడున్నరకి డాలస్ టీమ్‌తో కాల్. నాకు చీకటి పడింది, వాళ్లకి పొద్దున. ఏమని పలకరించాలి? రోజూ ఇదే టెన్షన్.”

వినేవాళ్ల గడియారం చూసి పలకరించండి. వేసవిలో మన ఏడున్నర అంటే డాలస్‌లో ఉదయం 9, కాబట్టి ‘గుడ్ మార్నింగ్’ సరిపోతుంది. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడది 8 అవుతుంది. ఇబ్బంది వచ్చేది మన ఉదయం 10కి పెట్టే కాల్స్‌లో: అక్కడ వేసవిలో ముందురోజు రాత్రి 11:30. అప్పుడు కూడా ‘గుడ్ ఈవినింగ్’ అనే మొదలుపెట్టండి, ‘గుడ్ నైట్’ సెలవు తీసుకునేటప్పటి మాట. లండన్ వాళ్లూ కలిస్తే ‘హలో ఆల్’ చాలు. మెయిల్‌లో మాత్రం పూట రాయకండి, ఎప్పుడు తెరుస్తారో తెలియదు కదా. ‘హాయ్’ అని పేరు రాయండి. మన వాళ్లయితే ‘నమస్తే అండి’ ఏ పూటకైనా నప్పుతుంది, నాకు అదే ఇష్టం.