చిన్న పైల్స్‌కి ఐఆర్‌సీ చాలా, లేజరే కావాలా?

"మొదటి దశ పైల్స్ అన్నారు. ఐఆర్‌సీ చాలా, లేజరే కావాలా? మళ్లీ రావా?"

రక్తం మాత్రమే పడుతుంటే, పరారుణ వేడితో చేసే చికిత్స అయిన ఐఆర్‌సీ సాధారణంగా చాలు. మళ్లీ రావని మాత్రం రెండింటిలో దేనికీ హామీ లేదు.

ఐఆర్‌సీలో లోపలి పైల్ మొదలు దగ్గర, నొప్పి పెద్దగా తెలియని చోట, పరారుణ వేడిని ఒకటి రెండు సెకన్ల చొప్పున మూడు నాలుగు చోట్ల తాకిస్తారు. రక్తనాళాలు మూసుకుపోయి, పుండు మానేకొద్దీ గడ్డ ముడుచుకుంటుంది. లేజర్‌లో మత్తిచ్చి సన్నని ఫైబర్‌ను గడ్డలోకే దూరుస్తారు. అది కాస్త పెద్దవాటికి.

కడపలో రోజంతా గల్లా దగ్గర కూర్చునే వ్యాపారినే తీసుకోండి. పొద్దున ఐఆర్‌సీ చేయించుకుని అదే రోజు ఇంటికి పోవచ్చు. కొన్ని వారాలకు ఇంకో విడత పడొచ్చు. మొదట్లో కొద్దిగా రక్తం మామూలే, ధారగా పడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

బోర్డులు చూసి లేజరే గొప్పదనుకుంటారు. నిజానికి చిన్న పైల్స్‌కి గడ్డ మొదలుకు రబ్బరు బ్యాండు వేయడమే ఐఆర్‌సీ కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, నొప్పి మాత్రం కాస్త ఎక్కువ.