ఇంట్లో 100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్ ఎందుకు ఈడుస్తుంది?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఇంట్లో 100 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది, యూట్యూబ్ ఎక్కడా ఆగదు. కానీ పని మీద శ్రీకాకుళం, విశాఖ వెళ్లినప్పుడు ఇంటి కంప్యూటర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ పెడితే, మౌస్ నొక్కాక చాలాసేపటికి గానీ స్క్రీన్ కదలదు. ట్యాలీ బ్యాకప్ ఫైలు ఒక్కటి తెచ్చుకోవాలంటే ప్రాణం పోతోంది. నా ఫోన్‌లో 5జీ బాగానే ఉంది. లోపం ఎక్కడ? ఏం చూడాలి?

జవాబు:

మీరు ఊళ్లో లేనప్పుడు మీ ఇంటి లైనులో డేటా నడిచే దిక్కు మారిపోతుందండీ. ఇంట్లో కూర్చుని వీడియో చూస్తే డేటా బయటి నుంచి ఇంట్లోకి వస్తుంది, అది డౌన్‌లోడ్. విశాఖలో కూర్చుని ఇంటి కంప్యూటర్ స్క్రీన్ చూస్తే ఆ బొమ్మను మీ ఇల్లే బయటికి పంపాలి. ఫైలు తెచ్చుకున్నా అంతే. అంటే మీరు విశాఖలో చేసే డౌన్‌లోడ్ అంతా మీ ఇంటికి అప్‌లోడ్. ప్లాన్ పేరులో ఉన్న 100 సాధారణంగా డౌన్‌లోడ్ లెక్క. అప్‌లోడ్ 4 ఉంటే మీకు అందేది 4 లోపే, మీ ఫోన్‌లో 5జీ ఎంత జోరుగా ఉన్నా సరే.

అప్‌లోడ్ తక్కువ ఉండడానికి కారణం కనెక్షన్ రకాన్ని బట్టి మారుతుంది. టీవీ కేబుల్ మీద వచ్చే నెట్‌లోనూ, పాత ఫోన్ తీగ మీద వచ్చే దాంట్లోనూ డౌన్‌లోడ్‌కి ఎక్కువ చోటు, అప్‌లోడ్‌కి తక్కువ చోటు ముందే కేటాయించి ఉంటుంది. ఫోన్ తీగ మీద నడిచే ఏడీఎస్‌ఎల్2+ లైన్లలో డౌన్‌లోడ్ 24 ఎంబీపీఎస్ దాకా వెళ్లినా, అప్‌లోడ్ 1 చుట్టుపక్కలే ఆగేది అందుకే. సిమ్ వేసుకునే 4జీ రౌటర్ అయితే, టవర్ గట్టిగా మాట్లాడగలదు, మీ చిన్న పెట్టె అంత గట్టిగా బదులివ్వలేదు. మన కొండల ఊళ్లలో టవర్ దూరమైన కొద్దీ ముందు పడిపోయేది అప్‌లోడే. ఫైబర్ ఇంటిదాకా వస్తే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. అయితే ఫైబర్ మీద కూడా ఆపరేటర్ ప్లాన్‌లో అప్‌లోడ్‌ను వేరుగా తగ్గించి పెట్టవచ్చు కాబట్టి తీగ చూసి నమ్మకండి, కొలిచి చూడండి.

ఇంతవరకు అందరూ చెప్పేదే. కానీ మీరు రాసిన లక్షణం, అంటే నొక్కాక చాలాసేపటికి స్క్రీన్ కదలడం, కేవలం అప్‌లోడ్ తక్కువైతే రాదు. రిమోట్ డెస్క్‌టాప్ మారిన భాగాన్నే పంపుతుంది. ట్యాలీ, ఎక్సెల్ లాంటి పనికి 1 ఎంబీపీఎస్ మిగిలినా ఓపిగ్గా నడుస్తుంది. సెకన్ల కొద్దీ ఆగుతోందంటే ఆ కాస్త అప్‌లోడ్‌ను ఇంట్లో ఇంకెవరో ముందే నింపేస్తున్నారని నా అనుమానం. మాకు రాయగడలో జరిగింది సరిగ్గా ఇదే.

నేను దుకాణాల లెక్కలు రాస్తాను. ట్యాలీ ఉన్న కంప్యూటర్ ఇంట్లో ఉంటుంది, నేను బొబ్బిలి, విజయనగరం తిరుగుతుంటాను. ఒకసారి కెమెరాలు పెట్టించాక రిమోట్ డెస్క్‌టాప్ ముడుచుకుపోయింది. ఇంట్లో తమ్ముడి చేత కంప్యూటర్‌కి రౌటర్ నుంచి కేబుల్ పెట్టించి స్పీడ్ టెస్ట్ చేయిస్తే అప్‌లోడ్ 1 చూపించింది. కెమెరాలు రెండింటి ప్లగ్ తీయించి మళ్లీ చేయిస్తే 4 వచ్చింది. కెమెరా యాప్‌లో చూస్తే ఒక్కోదాని బిట్‌రేట్ 1536 కేబీపీఎస్ అని ఉంది. గేటు దగ్గర ఒకటి, షట్టర్ మీద ఒకటి, రెండూ రాత్రీ పగలూ క్లౌడ్‌కి రికార్డింగ్ పంపుతూనే ఉన్నాయి. రెండూ కలిపి 3 ఎంబీపీఎస్. 4లో 3 అలా పోతే నాకు మిగిలేది ఒకటే.

ఇప్పుడు ఫైలు లెక్క చూడండి. నా ట్యాలీ బ్యాకప్ 60 ఎంబీ. లైను వేగాన్ని బిట్లలో చెబుతారు, ఫైలు సైజును బైట్లలో చెబుతారు, ఒక బైటుకు 8 బిట్లు. 60ని 8తో గుణిస్తే 480 మెగాబిట్లు. 4 ఎంబీపీఎస్ లైనంతా నాదైతే 120 సెకన్లు, అంటే రెండు నిమిషాలు. 1 ఎంబీపీఎస్ మాత్రమే మిగిలితే 480 సెకన్లు, ఎనిమిది నిమిషాలు. ప్యాకెట్ల పైఖర్చు కలుపుకుంటే ఇంకొంచెం ఎక్కువే. కాపీ అయ్యే పెట్టెలో మీకు సెకనుకు 120 కేబీ చుట్టుపక్కల కనిపిస్తుంటే మీరు సుమారు 1 ఎంబీపీఎస్ మీద ఉన్నట్టు. 480 కేబీ దగ్గర ఉంటే 4 మీద ఉన్నట్టు.

మరి మౌస్ ఎందుకు ఆగుతుంది? రౌటర్‌లోనో మోడెమ్‌లోనో బయటికి వెళ్లాల్సిన ప్యాకెట్లు ఒక క్యూలో నిలబడతాయి. ఆ క్యూకి 256 కేబీ జాగా ఉందనుకోండి. అది సుమారు 2 మెగాబిట్లు. 4 ఎంబీపీఎస్ లైను ఆ క్యూను ఖాళీ చేయడానికి అర సెకను పడుతుంది, 1 ఎంబీపీఎస్ అయితే రెండు సెకన్లు. మీ క్లిక్ ఇంటికి వెంటనే చేరుతుంది, ఎందుకంటే అది డౌన్‌లోడ్ వైపు నుంచి వెళ్తుంది, అక్కడ రద్దీ లేదు. కంప్యూటర్ కూడా మెనూని వెంటనే తెరిచేస్తుంది. ఆ తెరిచిన బొమ్మ మాత్రం కెమెరా వీడియో వెనకాల వరుసలో నిలబడాలి. మెను తెరుచుకోలేదని మీరు రెండోసారి నొక్కుతారు, ఆలస్యంగా వచ్చిన స్క్రీన్‌లో రెండో నొక్కు ఇంకోదాని మీద పడి ఉంటుంది. వోచర్ ఎంట్రీ చేస్తూ ఇలా జరిగితే ఎంత టెన్షనో నాకు తెలుసు.

దీన్ని పట్టుకోవడం తేలికే. ఇంటి కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది నడపండి, ఆపడానికి Ctrl+C.

```
ping -t 8.8.8.8
```

ఒక ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని ఇది చూపిస్తుంది, ఇల్లంతా నిద్రపోయిన వేళ ఎంత ఉందో రాసి పెట్టుకోండి. మాకు 35 మిల్లీసెకన్ల దగ్గర ఉండేది. తర్వాత మీరు బయటి నుంచి ఫైలేదీ లాగకుండా రిమోట్ డెస్క్‌టాప్ వాడుతుంటే అది ఈడుస్తున్నప్పుడు ఇంట్లో ఉన్నవాళ్లను మళ్లీ చూడమనండి. అంకె వందలు దాటి 500, 600కి ఎగబాకితే క్యూ నిండిందన్నమాట. అప్పుడు ఇంట్లోవి ఒక్కోటీ ఆపుతూ రావాలి. కెమెరా, ఫోన్లలో ఫోటోల బ్యాకప్, కంప్యూటర్‌లో వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్, వీటిలో ఏది ఆపగానే అంకె కిందికి దిగిందో అదే లైను తింటోంది. కంప్యూటర్‌లోనే ఏదైనా పంపుతుంటే `resmon` అని టైప్ చేసి నెట్‌వర్క్ ట్యాబ్‌లో `Send` గడి చూస్తే ప్రోగ్రామ్ పేరుతో సహా తెలిసిపోతుంది. కంప్యూటర్ వెనక గదిలో వైఫై మీద ఉంటే మాత్రం ముందు కేబుల్ పెట్టండి, లేకపోతే ఏది లైను తప్పో ఏది వైఫై తప్పో తేలదు. సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి కొలవండి. ఇంట్లోవి ఆపినా సాయంత్రమే పడిపోతుంటే ఆ రద్దీ మీ ఇంట్లో కాదు, వీధి మొత్తానిది.

మేం కెమెరాల బిట్‌రేట్ 512కి దించి, కదలిక ఉన్నప్పుడే క్లౌడ్‌కి పంపమని పెట్టి, పూర్తి రికార్డింగ్ మెమరీ కార్డులో ఉంచాం. వన్‌డ్రైవ్ సెట్టింగులలో అప్‌లోడ్ రేటుకు హద్దు పెట్టే వీలుంది, అదీ వాడాం. రౌటర్‌లో ఏ డేటా ముందు వెళ్లాలో నిర్ణయించే క్యూఓఎస్ సెట్టింగ్ ఉంటే ఇంకో పని చేయవచ్చు: కొలిచిన అప్‌లోడ్‌లో పదో వంతు తగ్గించి హద్దుగా ఇవ్వండి, 4 అయితే 3.6. క్యూ మోడెమ్‌లో కాకుండా రౌటర్‌లోనే ఏర్పడుతుంది, రిమోట్ డెస్క్‌టాప్‌ని ముందుకు పంపే అధికారం రౌటర్‌కి దక్కుతుంది. పదో వంతు పోయినట్టు కనిపించినా పని చేతికి తగిలేలా చురుగ్గా ఉంటుంది, నా మటుకు నేను ఆ బేరానికి ఎప్పుడైనా ఒప్పుకుంటాను.

ఫైళ్ల సంగతి విడిగా చెప్పాలి. వీపీఎన్ పెట్టి ఇంటి కంప్యూటర్‌లోని ట్యాలీ డేటా ఫోల్డర్‌ను మీ ల్యాప్‌టాప్ ట్యాలీలోంచి నేరుగా తెరవకండి. అక్కడ వేగం కంటే రానుపోను సమయం ఎక్కువ దెబ్బ తీస్తుంది. ప్రోగ్రామ్ డేటాను చిన్న చిన్న ముక్కలుగా అడుగుతుంది, ఒకటి వచ్చాక ఇంకోటి. ఒక రానుపోనుకు 60 మిల్లీసెకన్లు, అలాంటివి 5,000 అనుకుంటే 300 సెకన్లు, ఐదు నిమిషాలు ఊరికే పోయాయి. లైను 100 అయినా ఆ ఐదు నిమిషాలు తగ్గవు. పైగా మధ్యలో లైను తెగితే డేటా పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. ట్యాలీని ఇంటి కంప్యూటర్‌లోనే నడిపి స్క్రీన్ మాత్రమే తెప్పించుకోండి. బ్యాకప్ ఫైలు కావాలంటే జిప్ చేసి ఒకే ఫైలుగా లాగండి. అది వస్తున్నంతసేపూ రిమోట్ డెస్క్‌టాప్‌లో పని పెట్టుకోకండి, రెండూ ఆ సన్న దారినే పంచుకోవాలి. `mstsc` తెరిచి `Experience` ట్యాబ్‌లో డెస్క్‌టాప్ బొమ్మ, యానిమేషన్లు తీసేయడం, `Display` ట్యాబ్‌లో రంగులు 16 బిట్‌కి దించడం కొంత సాయం చేస్తాయి. క్యూ నిండి ఉన్నప్పుడు మాత్రం వీటితో పెద్ద తేడా రాదు.

ఒకవేళ ఇంట్లో అన్నీ ఆపినా, స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ బాగానే వచ్చినా, బయటి నుంచి మాత్రం నెమ్మదిగానే ఉంటే దారి చూడాలి. మన వైపు చాలామంది ఆపరేటర్లు ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతారు. అప్పుడు బయటి నుంచి నేరుగా ఇంటికి రావడం కుదరక, రిమోట్ సాఫ్ట్‌వేర్ మధ్యలో ఎక్కడో ఉన్న సర్వర్ మీదుగా తిప్పుతుంది. టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ వాడుతుంటే `tailscale status` అని కొట్టండి. మీ ఇంటి కంప్యూటర్ ఎదురుగా `direct` అని ఉంటే నేరు దారి, `relay` అని ఉంటే చుట్టు దారి. చుట్టు దారిలో వేగం ఆ సర్వర్ ఇచ్చినంతే. ఆపరేటర్‌ని విడిగా పబ్లిక్ ఐపీ ఇవ్వమని అడగండి, చాలాచోట్ల నెలకు కొంత తీసుకుని ఇస్తారు. ఇచ్చారని రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా తెరిచి పెట్టకండి. పాస్‌వర్డ్ ఊహించే ప్రోగ్రాములు ఇంటర్నెట్ అంతా ఆ పోర్టు కోసమే వెతుకుతుంటాయి. వీపీఎన్ లోపలి నుంచే రండి.

ఆపరేటర్ దగ్గరికి వెళ్లేటప్పుడు "నెట్ స్లో" అనకండి, అలా అంటే డౌన్‌లోడ్ టెస్ట్ చేసి 95 చూపించి పంపేస్తారు. కేబుల్ పెట్టి, కెమెరాలు ఆపి తీసిన స్క్రీన్‌షాట్ చూపించి, ఈ ప్లాన్‌లో అప్‌లోడ్ ఎంతకి కట్టారు, రెండు వైపులా సమానంగా ఉండే ప్లాన్ మా వీధికి ఉందా అని అడగండి. 20 దాటితే మీ పనికి చాలు, కెమెరాలు కూడా మునుపటిలా ఉంచుకోవచ్చు. అంత రాదని చెబితే కెమెరా బిట్‌రేటూ, రౌటర్‌లో హద్దూ మీ చేతిలోనే ఉన్నాయి, ముందు ఆ రెండూ చేసి పింగ్ ఎంత చూపించిందో ఇక్కడ రాయండి.