ఓహలా... వాన పడితే బాగుణ్ణు!

సందేహం: స్పానిష్ కథలు తెలుగు చేస్తున్నాను. వాటిలో ‘ఓహలా’ అనే మాట అడుగడుగునా వస్తోంది. అది మన ‘ఇన్షా అల్లా’యే కాబట్టి ‘దేవుడి దయవల్ల’ అని రాస్తే చాలా? లేక ‘అని ఆశిస్తున్నాను’ అనాలా?

సమాధానం: రెండూ వద్దు. ముందు మాట పుట్టుక చూద్దాం. అరబ్బుల ఏలుబడిలో ఉన్న స్పెయిన్‌లో వాడిన అరబ్బీ నుంచి వచ్చిన మాట ఇది. స్పానిష్ అకాడమీ నిఘంటువు దీనికి ‘లౌ షా అల్లాహ్’ను మూలంగా చూపుతుంది. ‘ఇన్షా అల్లా’లోని ‘ఇన్’, ఇందులోని ‘లౌ’ రెండూ ‘దేవుడు తలిస్తే’లోని ‘తే’ అర్థమిచ్చేవే. కానీ జరగడానికి వీలున్నదానికి ‘ఇన్’ వాడతారు, జరగదనుకున్నదానికి, ఊహకు ‘లౌ’ వాడతారు. కాబట్టి ఈ రెండూ అక్కచెల్లెళ్లే గాని ఒకటి కావు. పాత స్పానిష్‌లో దీన్ని ‘ఒషలా’ అని పలికేవారు. పోర్చుగీసువారు నేటికీ అలాగే అంటారు. స్పానిష్‌లో 16, 17 శతాబ్దాల్లో ఆ ‘ష’ గొంతులోకి జారి ‘హ’లా మారింది. ‘షా’ జాడ అలా చెరిగిపోయింది. దానితోపాటు దేవుడూ తప్పుకున్నాడు. ఇప్పుడు నాస్తికుడైనా ఓహలా అంటాడు. అనువాదంలో దేవుణ్ణి మళ్లీ తెచ్చి కూర్చోబెడితే ఆ పాత్రకు లేని భక్తి అంటగట్టినట్టే.

ఈ మాట తర్వాత వచ్చే క్రియారూపమే అసలు కీలకం. వాననే తీసుకోండి. ‘ఓహలా యువేవా మన్యానా’ అన్నప్పుడు రేపు వాన పడే వీలుంది: ‘రేపు వాన పడితే బాగుణ్ణు.’ ‘ఓహలా యోవియెరా’ అంటే ఆశ సన్నగిల్లింది: ‘ఒక్క వాన పడితే ఎంత బాగుండునో!’ ‘ఓహలా ఉబియెరా యోవిదో అయేర్’ అంటే నిన్నటి అవకాశం దాటిపోయింది: ‘నిన్న వాన పడి ఉంటే బాగుండేది.’ మొదటి రెంటికీ తెలుగులో క్రియ ఒకటే. తేడా అంతా ‘ఒక్క’, ‘ఎంత’, ‘నో’ మోయాలి. వాటిని వదిలేస్తే నిస్పృహ కాస్తా మామూలు కోరిక అయిపోతుంది. రెండోదానికి ‘పడితే బాగుండేది’ అని కొందరు రాస్తారు. తప్పనను గాని, అది నిన్నటి వానో నేటి వానో చదివేవాడికి తేలదు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ‘రేపు వాన పడితే బాగుంటుంది’ అనేది కోరిక కాదు, అభిప్రాయం. వాతావరణం గురించి ఎవరైనా అనగలిగిన మాట. ‘బాగుండును’లో ఉన్నది అలవాటునూ స్వభావాన్నీ చెప్పే పాత తద్ధర్మ రూపం. మామూలు మాటల్లో ‘ఉండును’ ఎప్పుడో పోయింది, కోరికలో మాత్రం బతికి ఉంది. అదే కోస్తాలో ‘బాగుణ్ణు’, తెలంగాణలో ‘మంచిగుండు’. ఇంత చక్కటి రూపం చేతిలో ఉండగా ‘వర్షం పడుతుందని ఆశిస్తున్నాను’ అని రాయడం ఎందుకు? అది ఉత్తరం ముగించే మాట, నోట వచ్చే మాట కాదు.

స్పానిష్‌లో ‘కె’తో మొదలయ్యే దీవెనలూ తిట్లూ ఇంకో రకం. ‘కె తె పార్తా ఉన్ రాయో’ అంటే నిన్ను పిడుగు చీల్చాలని. దీనికి తెలుగు వెతుక్కోనక్కరలేదు: ‘నీ నెత్తిన పిడుగు పడ!’ ఈ ‘పడ’ ఏమిటి? ‘నీ దుంప తెగ’, ‘నీ కడుపు చల్లగుండ’ వంటివాటిలో ఉన్న ఈ అకారాంత రూపం, ‘పడడానికి’ వంటి అర్థమిచ్చే తుమర్థకమేనని నా అభిప్రాయం. ‘పడన్ + వలెన్’ పడవలెను అయి, అదే నేటి ‘పడాలి’ అయింది. తిట్టులో ‘వలెను’ చేరకుండానే ‘పడ’ ఒంటరిగా నిలిచింది. ‘నీ ఇల్లు బంగారం కాను’లో చివరి నకారం కూడా పోలేదు చూడండి. మనవాళ్లు దీన్ని మొరటు మాటగా చూసి పుస్తకాల్లోకి రానివ్వడం లేదు. స్పానిష్ వ్యాకరణం ఒక ప్రత్యేక క్రియారూపంతో చేసే పనిని మన పల్లె అమ్మలక్కలు ఒక్క అకారంతో చేస్తున్నారు. ఇది ఆశీరర్థకంలో వేరే రూపమని ఎవరైనా అంటే పోట్లాడను. వాడుకలో ఉంచితే చాలు.

అన్ని ‘కె’లకూ ఇది కుదరదు. ‘కె తె మెహోరెస్’కు ‘త్వరగా కోలుకోవాలి’ చాలు. ‘కె ఎన్ పాస్ దెస్కాన్సె’కు ‘ఆయన ఆత్మకు శాంతి కలుగుగాక’. ‘కె తెంగాస్ బ్వెన్ వియాహె’ను ‘మంచి ప్రయాణం కలిగి ఉండు’ అన్నవారున్నారు. ప్రయాణం జ్వరమా, కలిగి ఉండడానికి? ‘క్షేమంగా వెళ్లి లాభంగా రా’ అనండి. వర్తకానికి సంబంధం లేని ప్రయాణమైతే ‘క్షేమంగా వెళ్లిరా’ అంటే సరి. భోజనం దగ్గర అనే ‘కె అప్రొవేచె’కు మనకు సరిజోడు లేదు. వడ్డించినవారు అంటే ‘కడుపునిండా తినండి’ అనవచ్చు. పక్క బల్ల దగ్గరి అపరిచితుడు అంటే అదీ అతకదు. చిరునవ్వుతో తలూపాడని రాసి సాగిపోవచ్చు.

ఇక ఓహలా ఒక్కటే జవాబుగా వస్తే? ‘తప్పకుండా పాసవుతావు’ అంటాడు ఒకడు, ‘ఓహలా!’ అంటాడు రెండోవాడు. ఇక్కడ ‘బాగుణ్ణు’ కంటే ‘నీ నోట్లో చక్కెర పోయ!’ నయం. పెద్దవారితో అయితే ‘మీ నోట్లో’ అనాలి.