వీసా స్టాంపు లేకుండా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. వచ్చే నెలలో ఫ్రెండ్స్‌తో థాయిలాండ్ వెళ్తున్నాం, అక్కడ స్కూటర్ అద్దెకు తీసుకుందామని ప్లాన్. నాకు కారు లైసెన్సు ఉంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు లేదు, ఫ్లైట్ టికెట్ ఒక్కటే ఉంది. పర్మిట్ ఇస్తారా? ఫోటోలు ఎలాంటివి కావాలి?

జవాబు: వీసా గురించి టెన్షన్ అక్కర్లేదు. దరఖాస్తు సమయానికి వీసా ఉండి తీరాలన్న షరతును కేంద్రం 2021 జనవరిలో తీసేసింది. కొన్ని దేశాలు అక్కడ దిగాకే వీసా ఇస్తాయి కదా, అందుకని. మెడికల్ సర్టిఫికెట్ షరతూ అప్పుడే పోయింది. అయినా పాత లిస్టు పట్టుకుని అడిగే కౌంటర్లు ఉంటాయి. పాస్‌పోర్టు, రానుపోను టికెట్ల ప్రింటు దగ్గరుంచుకోండి.

మీ అసలు చిక్కు స్కూటర్. ఈ పర్మిట్ కొత్త హక్కేమీ ఇవ్వదు, మీ లైసెన్సులో ఏ వాహనాలు ఉంటే వాటికే వర్తిస్తుంది. మీ కార్డు మీద LMV మాత్రమే ఉంటే పర్మిట్‌లోనూ కారే ఉంటుంది. దాంతో స్కూటర్ నడిపి పడ్డారనుకోండి, ట్రావెల్ ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ తిరస్కరించడానికి అదొక్కటే చాలు. అద్దెకిచ్చేవాడు పర్మిట్ చూడకుండానే తాళం ఇస్తాడు, ఆ ధైర్యాన్ని నమ్ముకోకండి. ఇప్పుడు టూవీలర్ చేర్పించాలన్నా ముందు లెర్నర్స్ తీసుకుని, 30 రోజులు ఆగి టెస్టుకు వెళ్లాలి. లెర్నర్స్ మీద పర్మిట్ ఇవ్వరు. అంటే ఈ ట్రిప్పుకు కారే మీ దారి.

కారుకైతే మీరు అర్హులే: భారత పౌరులై, ఇక్కడ నివసిస్తూ, గడువున్న పక్కా లైసెన్సు ఉంటే చాలు. sarathi.parivahan.gov.in లో దరఖాస్తు చేసి, మీ చిరునామా ఏ ఆర్టీఓ పరిధిలోకి వస్తే అక్కడికి ఒరిజినల్స్‌తో వెళ్లండి. ఫారం 4ఎ నింపాలి, ఫీజు రూ. 1,000, సర్వీసు చార్జీ అదనం. ఫోటోలు పాస్‌పోర్టు సైజువి, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, ఈమధ్య తీయించినవి కావాలి. చలవ కళ్లద్దాలు, టోపీ వద్దు. రెండుమూడు ఎక్కువే పట్టుకెళ్లండి, ఆఫీసు ముందు అప్పటికప్పుడు తీయించుకున్నవి తరచూ మసకగా వస్తాయి.

మనవాళ్ల దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గర. లైసెన్సులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి ఇవాళే చూసుకోండి. తేడా ఉంటే ముందు లైసెన్సులో సరిచేయించుకోండి.

పర్మిట్ ఏడాదే చెల్లుతుంది. లైసెన్సు గడువు అంతకంటే ముందే తీరితే అదీ అప్పుడే ఆగుతుంది. విదేశంలో బండి నడిపేటప్పుడు ఒరిజినల్ లైసెన్సు కూడా జేబులో ఉండాలి.