సొంతిల్లు ఉండగా అద్దె దండగంటున్న నాన్న

మేడమ్, నాకు 33 ఏళ్లు. వనస్థలిపురంలో నాన్న కట్టిన ఇంట్లో అమ్మానాన్నలు, నేను, నా భార్య, నాలుగేళ్ల పాప ఉంటాం. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో. ఎల్బీనగర్ దాకా బండి, మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి రాయదుర్గం, తర్వాత షేర్ ఆటో. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. ఈమధ్య ఆఫీసులో అందరితో గొడవలే. పొద్దున మీటింగ్‌లో మేనేజర్‌తో మాటామాటా అనుకున్నాం. మొన్న సాయంత్రం బ్యాగు సర్దుకుంటుంటే ఒక జూనియర్ "అన్నా, ఒక్క డౌట్" అన్నాడు. అందరి ముందూ అరిచేశాను. ఆఫీసు దగ్గర అద్దెకు మారదామంటే నాన్న "సొంతిల్లు పెట్టుకుని అద్దె దండగ" అంటారు. నేనింక మాట్లాడను. కోపం తగ్గడానికి యోగాలో చేరాలా, టీమ్ మారాలా?

— ఒక పాఠకుడు

యోగా ఎప్పుడు చేస్తారు, అమీర్‌పేట మెట్ల మీదా? ఇక టీమ్ మారితే మీ చేత తిట్లు తినే జూనియర్ మారతాడు, అంతే. ఆ రెండూ పక్కన పెట్టండి.

మీ గొడవలు ఏ వేళప్పుడు అయ్యాయో చూసుకున్నారా? ఒకటి దిగీదిగగానే, ఇంకొకటి బయల్దేరబోతుండగా. మధ్యాహ్నం మూడింటికి జరిగిన గొడవ మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. అంటే మేనేజర్‌తో గానీ ఆ కుర్రాడితో గానీ మీకు అసలు పేచీ లేదు.

ఎల్బీనగర్‌లో రైలు బయల్దేరేది అక్కడే కాబట్టి సీటు దొరికే అవకాశం ఎక్కువ. ఆ భాగం మనిషిని అంతగా విసిగించదు. అసలు నలిగేది అమీర్‌పేటలో, అప్పటికే నిండి వచ్చిన మూడు బోగీల రైల్లోకి దూరేటప్పుడు. రాయదుర్గంలో దిగాక ఆటో నిండేదాకా ఎదురుచూపు, ఆపైన ట్రాఫిక్. ఇరవై నిమిషాలో, నలభై ఐదో ఎవరూ చెప్పలేరు. న్యూయార్క్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైళ్లలో ఆఫీసులకు వెళ్లేవాళ్లను గ్యారీ ఇవాన్స్, రిచర్డ్ వెనర్ అనే పరిశోధకులు పరీక్షించారు. ప్రయాణం పెరిగినకొద్దీ లాలాజలంలో కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోన్ పెరిగింది, తప్పులు దిద్దే చిన్న పనిలో ఓపిక తగ్గింది. ఎప్పుడు చేరతామో తెలియని ప్రయాణమైతే ఒత్తిడి ఇంకా ఎక్కువ. అలా వచ్చిన మనిషిని కుర్చీలో కూర్చోకముందే "నిన్నటి పని ఏమైంది" అని అడిగితే మామూలు ప్రశ్న కూడా నిలదీసినట్టే వినిపిస్తుంది. సాయంత్రం మీ చెవికి "ఒక్క డౌట్" అన్నది "ఇవాళ పాప నిద్రపోయాకే ఇంటికి" అని వినబడింది.

ఇంత తెలిసీ మీరు ఎందుకు కదలడం లేదు? "నేనింక మాట్లాడను" అన్నారే, మీ సమస్య అక్కడుంది. ముప్పై మూడేళ్లొచ్చినా నాన్న ముందు నోరు పెగలదు. అక్కడ మింగిన మాటే నానక్‌రామ్‌గూడలో, ఎదురు చెప్పలేని కుర్రాడి మీద కక్కుతున్నారు. నా మటుకు నాకు ఇది పితృభక్తి కాదు. తల్లిదండ్రులను చూసుకోవడం కొడుకు బాధ్యతే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ రాత్రి తొమ్మిదింటికి వచ్చి, మొహం మాడ్చుకుని తిని పడుకునే కొడుకు ఇంట్లో ఉండి ఆయన్ని చూసుకుంటున్నది ఏముంది?

ఆయన "దండగ" అనేది డబ్బు లెక్క కాదని నా అనుమానం. మీరు వెళ్లిపోతే నలుగురూ "కొడుకు వేరు పడ్డాడా" అంటారని భయం. అందుకే అమ్మతో చెప్పించకండి. మీ ఆవిడను అసలు ముందుకు తోయకండి, "కోడలు విడదీసింది" అన్న నింద జీవితాంతం మోయాల్సి వస్తుంది. ఆదివారం టిఫిన్ అయ్యాక మీరే కూర్చుని చెప్పండి. "నాన్నా, పదకొండు నెలల అగ్రిమెంటుకి ఆఫీసు వైపు ఇల్లు చూస్తున్నాను. శుక్రవారం రాత్రి ఇక్కడికి వచ్చేస్తాం, సోమవారం పొద్దున వెళ్తాం. మీ ఆస్పత్రి పనులన్నీ శనివారం నేనే చూస్తాను" అనండి. వెళ్లమంటారా అని అడగొద్దు. ఆయన అలుగుతారు. అలగనివ్వండి. మాటకు మాట పెంచకండి, మాట వెనక్కి తీసుకోకండి. పాపను బడిలో వేసే ముందే ఈ పని చేయండి, ఒకసారి ఫీజు కట్టేశాక కదలడం కష్టం.

ఇల్లు గచ్చిబౌలిలోనే దొరకాలని పట్టుపట్టకండి, అక్కడి అద్దెలు మీకూ తెలుసు. అమీర్‌పేటలో మారే అవసరం, రాయదుర్గం ఆటో, రెండూ తప్పే చోటు వెతకండి. ఒకే బస్సులో ఆఫీసుకు చేరగలిగితే కాస్త దూరమైనా ఫర్వాలేదు.

ఈలోగా మేనేజర్‌తో ఒక్కటి మాట్లాడుకోండి, పొద్దున మీటింగ్ అరగంట జరపమని. దూరం గురించి ఏకరువు పెట్టకండి, "వచ్చీరాగానే సరిగ్గా చెప్పలేకపోతున్నాను" అంటే చాలు. డౌట్లన్నీ నాలుగింటికి తెచ్చుకోమని జూనియర్లకు చెప్పండి. ఆ కుర్రాడికి మాత్రం రేపే సారీ చెప్పాలి. పక్కకు పిలిచి కాదు, అరిచినప్పుడు విన్నవాళ్లంతా ఉండగా చెప్పండి. అతను ఆరోజు అడగబోయిన డౌట్ ఏమిటో కూడా కనుక్కోండి.