మూడో నెల జీతం తగ్గిందా?

ప్రశ్న: స్టీల్‌ప్లాంటులో పదవీ విరమణ చేసి గాజువాకలో ఉంటున్నాను. మా అబ్బాయి సెప్టెంబరు 22న మధురవాడలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో 6 లక్షల ప్యాకేజీకి చేరాడు. మొదటి నెల ఏమీ రాలేదు. అక్టోబరులో 53,324 రూపాయలు, నవంబరులో 38,280 వచ్చాయి. జీతం తగ్గించారా? వాడి స్నేహితుడికి వేరే చోట ఏడున్నర లక్షలు ఇస్తున్నారు. ఈ ఉద్యోగం మానిపించమంటారా?

జవాబు: జీతం తగ్గలేదండీ. మీరు పంపిన కాగితాలన్నీ వరుసగా చూశాను. మీవాడి అసలు జీతం నవంబరుదే. ఎక్కువ వచ్చింది అక్టోబరులో.

ఆ కంపెనీ నెల 20వ తేదీకల్లా జీతాల లెక్క కట్టేస్తుంది. 22న చేరినవాడి పేరు ఆ జాబితాలోకి ఎక్కదు. అందుకే సెప్టెంబరులోని 9 రోజుల జీతం 12,300 రూపాయలు అక్టోబరు స్లిప్పులో 'అరియర్స్' పేరుతో వచ్చింది. 41,000ను 30తో భాగించి 9తో గుణిస్తే వచ్చే మొత్తం అదే. ఆ తొమ్మిది రోజులకూ పీఎఫ్ 756 రూపాయలు కోశారు, అది సరైనదే. వీటికితోడు హైదరాబాదులో శిక్షణకు వెళ్లివచ్చిన ఖర్చు 3,500 రూపాయలు వేశారు. అది రీయింబర్స్‌మెంట్, అంటే అబ్బాయి తన చేతినుంచి పెట్టిన డబ్బు తిరిగి రావడం. బిల్లులు ఇచ్చాడు కాబట్టి దానిమీద పీఎఫ్ లేదు, పన్నూ లేదు. బకాయిలో పీఎఫ్ పోగా మిగిలిన 11,544కు ఈ 3,500 కలిపితే 15,044. రెండు నెలలకూ తేడా సరిగ్గా అంతే.

ఇక 50 వేలు రావలసిన చోట 38 వేలేమిటన్నది మీ మనసులో ఉన్న అసలు బాధ. మీ రోజుల్లో జీతం అంటే మూలవేతనం, డీఏ, అలవెన్సులు. ప్యాకేజీ అంటే కంపెనీ ఆ మనిషిమీద ఏడాదికి పెట్టే ఖర్చంతా. మీవాడి 6 లక్షల్లో 60 వేలు పనితీరును బట్టి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఆరోగ్య బీమా ప్రీమియం కలిపి మరో 48 వేలు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,92,000, నెలకు 41,000. అందులోంచి 21,000 మూలవేతనంమీద 12 శాతం పీఎఫ్ 2,520, మన రాష్ట్రంలో నెల జీతం 20 వేలు దాటినవారికి ఉండే వృత్తిపన్ను 200 పోతే 38,280. పైసా తేడా లేదు.

టీడీఎస్ గడిలో సున్నా ఉందని కంగారు పడకండి. కంపెనీ ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చే మొత్తం ఆదాయాన్ని అంచనా వేసి, పన్ను పడితేనే దాన్ని మిగిలిన నెలలకు పంచి కోస్తుంది. 2025-26లో కొత్త విధానంలో జీతం 12.75 లక్షల దాకా పన్ను పడదు. అక్టోబరులో బకాయి కలిసి పెద్ద మొత్తం వచ్చినా అందుకే ఏమీ కోయలేదు.

స్లిప్పులో పీఎఫ్ కోసినట్టు ఉండడం ఒకటి, అది ఖాతాలో పడడం మరొకటి. కంపెనీ మరుసటి నెల 15లోగా జమచేయాలి. ఆ తేదీ దాటాక అబ్బాయిని ఈపీఎఫ్‌వో పాస్‌బుక్ తెరిచి చూడమనండి. అక్టోబరుకు అతని వాటా 2,520, బకాయిది 756 కనిపించాలి. పింఛను గడి ఖాళీగా ఉంటే భయం వద్దు. 2014 సెప్టెంబరు 1 తర్వాత తొలిసారి పీఎఫ్‌లో చేరినవారికి మూలవేతనం 15 వేలు దాటితే పింఛను వాటా ఉండదు, కంపెనీ వాటా అంతా పీఎఫ్‌లోనే పడుతుంది. అసలు జమే లేకపోతే మాత్రం హెచ్ఆర్‌కు ఫోనులో కాకుండా మెయిల్‌లో రాయమనండి.

ఏడున్నర లక్షల సంగతి. ఆరు నెలలకోసారి ఉద్యోగం మారి ప్యాకేజీ పెంచుకోవడం ఇప్పుడు ఫ్యాషనైంది. నాకు దానిమీద నమ్మకం లేదు. నిరుడు ఒక అమ్మాయి ఇలాంటి ఆఫర్ లేఖే తెచ్చింది. ఏడున్నరలో లక్షన్నర వేరియబుల్, లక్ష జాయినింగ్ బోనస్, ఏడాదిలోపు మానేస్తే ఆ లక్ష తిరిగి కట్టాలి. పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాకు 44 వేలు పోగా కోతలకు ముందు నెల జీతం 38,000 తేలింది. మీవాడిది 41,000. స్నేహితుడి లేఖ చూడకుండా అతనిదీ ఇంతే అనను. కానీ లేఖ చూడకుండా మీరు మాత్రం ఎలా పోల్చారు?

కోపగించుకోకండి, ఒక మాట అంటాను. స్లిప్పు ఫోటోలు నాకు పంపింది మీరు, అబ్బాయి కాదు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాకుండానే మానిపించమంటారా అని అడిగిందీ మీరే. వాడి జీతం లెక్క వాడు చూసుకోవాలి. ఈ ఆదివారం స్లిప్పులు వాడి చేతికిచ్చి, పక్కన ఆఫర్ లేఖ పెట్టి, ఒక్కొక్క అంకె ఎక్కడినుంచి వచ్చిందో మీకు చెప్పమనండి. వేరియబుల్ ఎప్పుడిస్తారో, మధ్యలో చేరినవారికి ఎన్ని నెలలకు లెక్కకడతారో ఆ లేఖలో లేకపోతే, ఆ ప్రశ్న సోమవారం హెచ్ఆర్‌ను వాడే అడగాలి.