ఒక ఆఫర్ చేతిలో ఉంది, రెండోది తేలలేదు

ప్రశ్న: భీమవరం రొయ్యల ప్లాంటులో క్వాలిటీ ఉద్యోగం ఆఫర్ వచ్చింది, శుక్రవారంలోపు చెప్పమన్నారు. నాకు ఇష్టమైన కాకినాడ కంపెనీ రెండో రౌండ్ అయ్యాక పలకడం లేదు. తొందరపెట్టొచ్చా అండీ?

పెట్టొచ్చండి. రెండో రౌండ్ దాటారు కాబట్టి అడిగే చనువు మీకుంది. ముందు భీమవరం ఆఫర్ కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. నేనొకసారి నోటిమాట నమ్మి ఇలాగే అడిగితే "లెటర్ పంపండి" అన్నారు, నా దగ్గర లేదు. అక్కడితో ఆ ఉద్యోగం పోయింది.

లెటర్ ఉంటే, సోమవారం దాకా గడువివ్వమని భీమవరం వాళ్లను అడగండి. రెండు మూడు రోజులకు సాధారణంగా కాదనరు. అదే రోజు కాకినాడ హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టండి:

"నాకు ఇంకో ఆఫర్ వచ్చింది, శుక్రవారంలోపు జవాబివ్వాలి. నా మొదటి ఇష్టం మీ దగ్గర చేరడమే. గురువారంలోపు మీ నిర్ణయం చెప్పగలరా?"

కంపెనీ పేరు, జీతం రాయకండి. రాస్తే బేరమాడుతున్నట్టు ఉంటుంది. పొడిగింపు దొరికినా కాకినాడ వాళ్లకు శుక్రవారమే చెప్పండి, ఆ రెండు రోజులు మీకు మిగులుతాయి. మెయిల్ పెట్టిన మర్నాడు ఉదయం వాళ్లకు ఒక్కసారి ఫోన్ చేయండి. "మేనేజర్ బుధవారం వస్తారు" అంటే ఆశ ఉన్నట్టే. తేదీ చెప్పకుండా "చూస్తామండీ" అంటే మాత్రం దాన్ని నమ్ముకుని భీమవరం ఆఫర్ వదలకండి.